ఆరో నెలలో కారిన పాలు

చెబితే నవ్వుతారు గానీ, నా రొమ్ములకు బొగ్గు పట్టిందని నేను చాలా రోజులు నిజంగానే నమ్మాను.

నమ్మక ఏం చేస్తాను? గోదావరిఖనిలో ఏది నల్లబడినా మాకు తెలిసిన కారణం ఒక్కటే. గోడ నల్లబడితే బొగ్గు, ఆరేసిన చీర నల్లబడితే బొగ్గు, ముక్కు చీదితే వచ్చేదీ బొగ్గే. మా ఆయన గనిలో బొగ్గును పట్టాల మీది టబ్బుల్లోకి ఎత్తిపోసే పనిలో ఉండేవాడు. షిఫ్టు దిగి ఇంటికొస్తే కళ్లూ పళ్లూ తప్ప మనిషి కనిపించేవాడు కాదు. ఆ డ్యూటీ బట్టలు ఉతికేది నేనే. వాటిని మూటగా చుట్టి, గుండెలకు ఆనించుకుని, లైను చివర ఉన్న నల్లా దాకా మోసుకుపోయేదాన్ని. తిరిగి వచ్చేసరికి నా రవికె ముందు భాగమంతా మసి. ఇదంతా డెబ్బైల మొదట్లో మాట. మాకు పెళ్లై ఎక్కువ కాలం కాలేదు. ఒక గదీ, దాని ముందు చిన్న వరండా ఉన్న క్వార్టరు మాది.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. కాబట్టి ఆడదాని ఒంటి సంగతులు నాకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లెవరూ లేరు. నెల తప్పితే కడుపు అని తెలుసు, కడుపంటే వాంతులు అని తెలుసు. రొమ్ములకు కూడా ఇందులో భాగం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. అవి బిడ్డ పుట్టాక గదా పనిలోకి దిగేది అనుకున్నాను.

అసలు వాంతులకన్నా ముందు మొదలైంది రొమ్ముల నొప్పే. నెల తప్పిన కొద్ది రోజులకే అవి బరువెక్కి, గట్టిపడి, రవికె గుడ్డ రాసుకున్నా సలుపు పుట్టేది. బిందె చంకన పెట్టుకుంటే పక్కకు తగిలి ప్రాణం పోయేది. బోర్లా పడుకోవడం మానేశాను. మా ఆయన నిద్రలో చెయ్యి వేస్తే విసిరికొట్టేదాన్ని. పాపం ఆయన, పొద్దున లేచి, 'నేనేం జేసిన' అని అడిగేవాడు. నాకే తెలియనప్పుడు ఆయనకేం చెబుతాను. తిట్టేదాన్ని. నాకు ఒళ్లు బాగా లేకపోతే నోరు ఊరుకోదు, ఇప్పటికీ అంతే.

మూడో నెల దాటాక ఆ సలుపు చాలావరకు తగ్గింది. అప్పుడు మొదలైంది ఈ నలుపు.

ముందు చనుమొనలు ముదురు రంగుకు తిరిగాయి. తర్వాత వాటి చుట్టూ ఉండే గోధుమరంగు చర్మం కూడా నల్లబడి, వెడల్పుగా పరుచుకుంది. దాని మీద చలికి ఒళ్లు పులకరించినప్పుడు లేచినట్టు చిన్నచిన్న గుల్లలు. తెల్లటి చర్మం మీద నీలి నరాలు. నేను చూసుకున్నది స్నానం చేసేటప్పుడు, అదీ తలుపు సందులోంచి వచ్చే వెలుతురులో. ఇంకేముంది, బట్టల మూట పుణ్యమే అనుకున్నాను. మసి రవికెలోంచి దిగి చర్మంలో ఇంకిపోయింది. గుల్లలేమో బొగ్గు నలుసులు లోపల ఇరుక్కుని పొంగినవి.

మసిని ఏం చేయాలో మా లైనులో పసిపిల్లకు కూడా తెలుసు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఒళ్లు తోముకునే సబ్బు ఒకటుండేది, ఎర్రటి బిళ్ల, వాసన తగిలితే కళ్లు మండేవి. ఆ సబ్బూ బీరకాయ పీచూ తీసుకుని రుద్దాను. పోలేదు. మర్నాడు ఇంకా గట్టిగా రుద్దాను. మూటను గుండెలకు ఆనించడం మానేసి నెత్తి మీద పెట్టుకున్నాను. అయినా నలుపు పెరిగిందే తప్ప తరగలేదు. నాకు పంతం వచ్చింది. చర్మం చిట్లి, నీళ్లు పడితే భగ్గుమనే దాకా తోమాను.

నా అవస్థ మొదట కనిపెట్టింది పక్క క్వార్టరు ఆపా. ఆపా అంటే వాళ్ల మాటలో అక్క, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. వాళ్లాయన గని వర్క్‌షాపులో మెకానిక్కు. ఇంట్లో వాళ్లలో వాళ్లు తురకం మాట్లాడుకునేవారు, మాతో తెలుగే. నలుగురు పిల్లల తల్లి, నాకన్నా పదేళ్లు పెద్దది. నేను చేతులు ఎత్తి బట్టలు ఆరేసేటప్పుడు ముఖం చిట్లించడం చూసి ఏమైందని అడిగింది. సిగ్గుపడుతూనే చెప్పాను. ఆమె నన్ను లోపలికి తీసుకెళ్లి చూసి, ఇంక నవ్వడం మొదలుపెట్టింది. కూర్చుని నవ్వింది, గోడకు ఆనుకుని నవ్వింది. నాకు మండుకొచ్చి రవికె హుక్కులు పెట్టుకుని బయలుదేరబోయాను. అప్పుడు చెయ్యి పట్టుకుని ఆపింది.

"అరే చెల్లె, గిది బొగ్గు గాదు. కడుపొస్తె అందరికి గిట్లనే నల్లగయితది. బిడ్డ పుట్టినంక మెల్లగ తగ్గుతది. నువ్వు గిట్ల తోముకుంటె తోలే మిగలదు."

ఆ రోజు నుంచి సబ్బు మానేశాను. ఆపా మాత్రం చాలాకాలం నన్ను చూస్తే మసి పోయిందా అని అడిగి ఏడిపించేది. ఇంతవరకు నవ్వులాటే.

ఆరో నెలలో మా అత్తమ్మ సాయానికి వచ్చింది. పెద్దపల్లి అవతల ఊళ్లో వాళ్లకు కాస్త పొలం ఉండేది. మామ లేడు. మా ఆయన ఒక్కడే కొడుకు. అత్తమ్మ చాలా తక్కువ మాట్లాడే మనిషి. కోడలిని ఆరళ్లు పెట్టడం, పుట్టింటిని దెప్పడం లాంటివి ఆమెకు రావు. పొద్దున్నే లేచి పొయ్యి రాజేసేది, నల్లా దగ్గరికి నన్ను పోనిచ్చేది కాదు, డ్యూటీ బట్టలు కూడా తానే ఉతికేది. నాకేమో గలగలా మాట్లాడేవాళ్లుంటే బాగుంటుంది. ఇంట్లో ఇద్దరం ఉండి కూడా మాట లేకపోతే నాకు ఊపిరాడదు. అయినా ఆమె మీద వేలెత్తడానికి ఏమీ లేదు.

ఆమె రాకముందు నుంచే నాకు మరో కొత్త సంగతి నడుస్తోంది. పొద్దున లేచేసరికి రవికె మీద చిన్న చుక్కలు, ఆరిపోయి బిరుసెక్కి, పసుప్పచ్చగా. చనుమొనల మీద సన్నటి పొరలా ఏదో ఎండి అంటుకుని ఉండేది. ఒక్కోసారి స్నానంలో వేడినీళ్లు పడితే చిక్కటి పసుపు చుక్క పైకి వచ్చి నిలిచేది. రెండు వైపులా అంతే. నొప్పి లేదు. సబ్బుతో తోమిన పుళ్లు మానుతూ చీము పట్టాయేమోనని ముందు భయపడ్డాను గానీ వాసన లేదు, వేడి లేదు. పాలేమోలే అనుకుని, ఆపా మళ్లీ నవ్వుతుందని ఎవరికీ చెప్పలేదు.

ఒక పొద్దున నల్లా దగ్గర అత్తమ్మ నా రవికె ఉతుకుతుంటే నేను పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాను. ఆమె చేతిలో ఉన్న రవికెను వెలుతురుకు పట్టి చూసింది. బిరుసెక్కిన మరకను బొటనవేలితో తడిమి, ఇది ఏమిటి, ఎప్పటి నుంచి అని అడిగింది. పాలనుకుంటానని, ఇరవై రోజులుగా వస్తున్నాయని నవ్వుతూ చెప్పాను. ఆమె రవికెను బకెట్‌లో వదిలేసి అక్కడే బండ మీద కూలబడింది. నల్లా నీళ్లు పొంగి పోతున్నాయి. వెనక వరసలో ఉన్న ఆడవాళ్లు అరుస్తున్నారు. ఆమెకు వినపడటం లేదు.

ఇంటికి వచ్చాక నన్ను చాప మీద పడుకోబెట్టి కడుపు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు కదలకుండా కూర్చుంది. కదులుతోందా అని అడిగింది. అంతకు ముందు వారం చేప తిరిగినట్టు లోపల ఏదో తెలిసేది. కానీ రెండు రోజులుగా ఏమీ తెలియలేదని అప్పుడే నాకూ తట్టింది. అప్పటిదాకా పనుల్లో పడి పట్టించుకోలేదు. అదే చెప్పాను. ఆమె చెయ్యి తీసేసి గోడ వైపు తిరిగింది.

ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాక విషయం బయటపెట్టింది. తాగే బిడ్డ పుట్టేదాకా పాలు రావు. ముందే కారుతున్నాయంటే తాగే బిడ్డ ఇక లేదని ఒంటికి తెలిసిపోయిందన్న మాట. లోపల బిడ్డ పోయింది. పోయిన బిడ్డను లోపల ఉంచుకుంటే తల్లి కూడా పోతుంది. ఊళ్లో మంత్రసాని దగ్గర కషాయం ఉంది, అది తాగితే కడుపు దిగిపోతుంది. తనకు ఇలాగే జరిగిందని, మా ఆయన తర్వాత ఒక కాన్పులో ఆరో నెలలోనే పాలు కారాయని, కషాయం తాగాక చచ్చిన పిల్ల పడిపోయిందని చెప్పింది. మా ఆయన కడుపులో ఉన్నప్పుడు మాత్రం ఇట్లా కారలేదట. ఇవన్నీ గొంతు పెంచకుండా, పొలం సంగతులు చెప్పినట్టు వరసగా చెప్పింది.

 భయం వేస్తే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. నా కడుపు నాకు తెలియదా, నీకెట్లా తెలుసు అని అత్తమ్మను ఏనాడూ అనని మాట అన్నాను. మా ఆయన వాళ్లమ్మను అవ్వ అంటాడు. కూర్చున్న చోటనే తల వంచుకుని, అవ్వకు తెలుస్తుంది గదా, ఆమె చూసిందే గదా అని గొణిగాడు. గని లోపల పైకప్పు పెళ్లలు రాలుతుంటే ముందుకు పోయే మనిషికి, ఇంట్లో తల్లి ముందు నోరు పెగలదు. ఆయన్నీ తిట్టాను. అన్నం ఎవరూ తినలేదు.

తెల్లారగానే అత్తమ్మ బస్సెక్కి ఊరికి పోయింది. పొద్దు గూకేలోపు చిన్న మట్టి ముంతలో ఆ కషాయం పట్టుకుని వచ్చింది. ముంత మూతికి గుడ్డ కట్టి ఉంది. దాన్ని పొయ్యి పక్కన పెట్టింది. గది అంతా చేదు వాసన నిండింది.

ఆ రోజంతా నేను పడిన బాధ చెప్పలేను. కడుపు మీద చెయ్యి పెట్టుకుని కదులు, కదులు అని బతిమాలాను. ఒకసారి కదిలినట్టు అనిపించేది, వెంటనే అది గాలేమో అనిపించేది. రవికె విప్పి చూసుకుంటే పసుపు చుక్క మళ్లీ వచ్చి ఉండేది. దాన్ని చూస్తే అసహ్యం వేసింది. తుడిచాను. పిండి మొత్తం బయటికి తీసేస్తే ఆగిపోతుందేమోనని పిండాను. ఎంత పిండితే అంత వచ్చింది.  నేనే నా బిడ్డ చావును చేత్తో పిండి తీస్తున్నట్టు అనిపించింది.

ముంత వచ్చిందని తెలిసి ఆపా వచ్చింది. ఆమెకు జరిగింది మొత్తం చెప్పాను. ఈసారి నవ్వలేదు. తనకు ఇద్దరి కాన్పుల్లో ముందే కారాయని, ఇద్దరూ బయట గోళీలాడుతున్నారని చెప్పింది. అత్తమ్మ ఆ మాట విని, నీ ఒళ్లు వేరు, దీని ఒళ్లు వేరు అంది. ఆపా వాదించలేదు. పొయ్యి దగ్గర ఉన్న ముంతను చూస్తూ ఒక్క మాట అడిగింది.

"అవ్వా, లోపలున్నది బతికున్నదో లేదో పాలెట్ల చెప్తయి? దవాఖాన దగ్గర్నే ఉన్నది గద. చూపిచ్చుకొని అప్పుడు తాగితే ఏం పోతది?"

 నేను అప్పుడే తేల్చి చెప్పాను. పొద్దున దవాఖానకు పోతాం, అత్తమ్మ కూడా నాతో రావాలి, అక్కడ బిడ్డ బతికి లేదంటే ఆమె ముందే ఆ ముంత ఎత్తి తాగుతాను. ఉందంటే మాత్రం ముంత మోరీలో పోస్తాను. అత్తమ్మ సరేనంది. మా ఆయన ఆ పొద్దున మొదటి షిఫ్టుకు పోకుండా మాతో వస్తానన్నాడు. వద్దన్నాను. ఆయన ముఖం చూస్తే నాకు ధైర్యం పోతుంది.

దవాఖానలో కడుపుతో ఉన్నవాళ్లను చూసే సిస్టరమ్మ కోస్తా మనిషి. లావుగా, గట్టి గొంతుతో, ఎవరినైనా గదమాయించేది. మాకు ఆమె భాష విచిత్రంగా ఉండేది, ఆమెకు మా భాష. వరండాలో బల్లల మీద మా లాంటి వాళ్లు చాలామంది కూర్చుని ఉన్నారు. మా వంతు వచ్చి లోపలికి పోగానే నేను ఒక్క ఊపులో మొత్తం చెప్పేశాను, పాలూ, కదలకపోవడమూ, కషాయమూ. కషాయం అనే మాట వినగానే ఆమె చేస్తున్న పని ఆపి, తాగావా అని అడిగింది. తాగలేదన్నాను. బల్ల మీద పడుకోమంది.

రవికె విప్పి చూసింది. సబ్బు మచ్చలు చూసి ఇదేమిటని అడిగితే బొగ్గు కథ చెప్పక తప్పలేదు. నుదురు కొట్టుకుంది. రెండు రొమ్ములూ వేళ్లతో మెల్లగా తడిమి గడ్డలేమైనా ఉన్నాయా చూసింది. నెత్తురు గానీ చీము గానీ కారిందా, జ్వరం వచ్చిందా, ఒక వైపే ఎర్రగా వేడిగా ఉందా అని అడిగింది. అన్నింటికీ లేదనే చెప్పాను. తర్వాత కడుపు మీద చేతులు ఆనించి బిడ్డ ఎట్లా ఉందో వెతికి, గరాటు ఆకారంలో ఉన్న చెక్క గొట్టాన్ని బొడ్డు కింద ఒక పక్కకు పెట్టి, చెవి ఆనించింది. నా మణికట్టు పట్టుకుని నాడి కూడా చూస్తోంది. గొట్టం జరిపింది. ఇంకోచోట పెట్టింది. మళ్లీ జరిపింది.

నేను ఆమె ముఖాన్నే చూస్తున్నాను. ముఖంలో ఏమీ కనిపించలేదు. బయట ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. సిస్టరమ్మ తల ఎత్తకుండానే వాణ్ణి దూరం తీసుకుపొమ్మని కేకేసింది. మళ్లీ చెవి ఆనించింది. అత్తమ్మ గోడ పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు అప్పుడు ఏ దేవుడూ గుర్తు రాలేదు. లేదని చెబితే ఈ బల్ల మీది నుంచి ఎట్లా దిగాలి అన్నదొక్కటే ఆలోచన.

"ఉంది. బాగుంది. గుర్రం పరిగెత్తినట్టు కొట్టుకుంటోంది," అంది సిస్టరమ్మ.

నేను భోరున ఏడ్చాను. రెండు రోజుల ఏడుపు అంతా అప్పుడొచ్చింది. ఆమె ఏడవనిచ్చింది. తర్వాత, బిడ్డ నా వెన్ను వైపు తిరిగి పడుకుందని, కాళ్లు లోపలికి తంతుంటే పైకి తెలియకపోవచ్చని చెప్పింది. కానీ కదలికలు తగ్గాయని ఎప్పుడనిపించినా ఇంట్లో కూర్చుని లెక్కలు వేయకుండా ఆ రోజే రమ్మంది.

పాల సంగతి కూడా అప్పుడే వివరంగా చెప్పింది. అవి ముర్రుపాలు. నాలుగైదు నెలలకే రొమ్ములో తయారవడం మొదలుపెడతాయి. కొందరికి పైకి వస్తాయి, కొందరికి బిడ్డ పుట్టేదాకా చుక్క రాదు, రెండూ మామూలే. ఒక కాన్పులో రాకపోయినా ఇంకో కాన్పులో రావచ్చు. ముందు కారినంత మాత్రాన తర్వాత బిడ్డకు తక్కువ పడవు. పిండకూడదు, సబ్బు పెట్టకూడదు, ఉత్త నీళ్లు చాలు. మెత్తటి నూలు గుడ్డ లోపల పెట్టుకుని తడిసినప్పుడల్లా మార్చుకోవాలి. రవికె బిగుతుగా కాకుండా పట్టి ఉంచేట్టు కుట్టించుకోవాలి. నలుపూ, ఆ గుల్లలూ బిడ్డ కోసం వచ్చినవే. ఆ గుల్లల్లోంచి ఊరే జిడ్డు చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. నేను దాన్నే పీచు పెట్టి గీకేశానన్నమాట. నెత్తురు గానీ చీము గానీ కనపడినా, గడ్డ తగిలినా, ఎర్రబడి జ్వరం వచ్చినా అప్పుడు మామూలు కాదు, వెంటనే చూపించుకోవాలి.

అత్తమ్మ ఇదంతా వింటోందో లేదో నాకు తెలియలేదు. ఆమె ముఖం సంతోషంగా లేదు. నాకు ఒళ్లు మండింది. బిడ్డ బతికుందంటే ఇంత ముఖం మాడ్చుకుంటుందా అనిపించింది. సిస్టరమ్మ కూడా అది గమనించినట్టుంది, నమ్మకం లేకపోతే నువ్వే విను అని ఆమెను పిలిచి వంచి, గొట్టం మీద చెవి పెట్టించింది. కాస్త జరిపి, ఊపిరి బిగబట్టి వినమంది. అత్తమ్మ చాలాసేపు వంగే ఉంది. దిండు కింద గడియారం పెడితే వినపడినట్టు ఉందా అని సిస్టరమ్మ అడిగితే తలూపింది. లేచాక కొంగు సర్దుకుని, ఆమెను అడిగింది.

"బిడ్డ పోయినంక గూడ పాలు పడ్తయి గద సిస్టరమ్మా?"

"పడతాయి. కాన్పయ్యాక రెండు మూడు రోజులకు రొమ్ములు నిండుతాయి, బిడ్డ ఉన్నా లేకపోయినా. దానికీ దీనికీ సంబంధం లేదు. కడుపులో బిడ్డ ఉందో లేదో కడుపు మీద వినాలి గానీ పాలు చూసి చెప్పకూడదు."

"మరి గీ గొట్టం లేనోళ్లు?"

సిస్టరమ్మ గదమాయించే గొంతు తగ్గించి, "ఆగి చూడాలి. కడుపు పెరుగుతోందా, కదులుతోందా అని ఆగి చూడాలమ్మా," అంది.

ముంత గురించి మాత్రం వెళ్లేముందు గట్టిగా చెప్పింది. దాంతో బతికున్న బిడ్డ కూడా పడిపోతుంది, తల్లి కూడా నెత్తురు ఆగక చనిపోతుంది, దాన్ని ఇంట్లో కూడా ఉంచొద్దు.

దవాఖాన నుంచి మా లైనుకు పోయే దారిలో మోరీ మీద చిన్న కల్వర్టు ఉంటుంది. అత్తమ్మ అక్కడ కూర్చుంది. ఎండ మండుతోంది. బొగ్గు లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆమెను నాలుగు మాటలు అనాలని దారంతా కూడబెట్టుకుంటూ వచ్చాను. ఇంకొక్క రోజైతే నా బిడ్డను నా చేతనే చంపించేదానివి అనే మాట నాలుక చివర ఉంది. ఆమె నా వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది.

"మా అత్త నాకు గిట్లనే తాగిచ్చింది బిడ్డా. పాలు కారినయి, ఇగ లేదన్నది. కషాయం తాగినంక పడ్డది. పడ్డప్పుడు చెయ్యి కదిలిచ్చింది. నేను చూసిన. అత్తా, కదులుతున్నదే అంటె, గాలికి కదిలింది, చచ్చిందే అన్నది. నేను గూడ గాలికే అనుకున్న. ఇన్నేండ్లు గాలికే అనుకున్న."

 ఆమె నన్ను చంపాలని కషాయం తేలేదు. కాపాడాలని ఊరికి పోయి వచ్చింది. పాలు కారితే బిడ్డ పోయినట్టే అనడానికి ఆమె దగ్గర సాక్ష్యం ఉంది, అది ఆమె సొంత కడుపు. కషాయం తాగాక పోయిన బిడ్డను కషాయానికి ముందే పోయిందనుకుంటూ బతికింది. ఆ పొద్దున గొట్టంలో నా బిడ్డ గుండె విన్నప్పుడు ఆమె విన్నది దాన్నొక్కదాన్నే కాదు. అది నేను ఓర్చుకోలేకపోయాను. ఆమె పక్కన కూర్చున్నాను.

ఆడపిల్లా, మగపిల్లాడా అని అడిగాను. ఆడపిల్ల అంది. తర్వాత ఆమెకు కాన్పులు కాలేదు.

ఇంటికి పోయాక ముంత నేను ముట్టుకోలేదు. ఆమే తీసుకుపోయి మోరీలో పోసి, ముంతను అక్కడే పగలగొట్టింది. మా ఆయనకు బిడ్డ బాగుందని మాత్రం చెప్పాం. మిగతాది ఆయనకు ఎప్పటికీ తెలియలేదు, చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు, చెప్పే హక్కు నాది కాదు. రెండు రోజుల తర్వాత బిడ్డ ఇటు తిరిగిందేమో, పక్కటెముకల కింద గట్టిగా తన్నింది. అత్తమ్మ చెయ్యి లాగి అక్కడ పెట్టాను. ఆమె నవ్వింది. పాలు మాత్రం నెలలు నిండేదాకా కారుతూనే ఉన్నాయి. ఆమె తన పాత నూలు చీర చింపి, మెత్తటి ముక్కలు మడతలు పెట్టి ఇచ్చేది, తడిసినవి ఉతికి ఆరేసేది.

కాన్పు దవాఖానలోనే అయింది. ఆడపిల్ల. బిడ్డను తుడిచి నా పక్కన పడుకోబెట్టారు. చూడవచ్చిన మా లైను ఆడవాళ్లు మంచం చుట్టూ మూగారు. అందులో పెద్దావిడ ఒకామె, ఆ పచ్చ పాలు మురికి పాలు, పిండి పారబోసి మూడో రోజు నుంచి తెల్లపాలు పట్టమని, అంతదాకా చక్కెర నీళ్లు చాలని సలహా ఇచ్చింది. అందరూ అదే చేసేవారు అప్పట్లో. ఆమె గిన్నె కూడా అందుకుంది. నేను నోరు తెరవబోయాను. అంతకన్నా ముందే, ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తని మా అత్తమ్మ లేచి వచ్చి, ఆ గిన్నె లాక్కుని, బిడ్డ నోటిని నా రొమ్ముకు పట్టించింది.

"ఒక్క సుక్క గూడ పారబొయ్యొద్దు," అంది. "నేను పారబోసింది చాలు."

అత్తమ్మ తన కొడుకు కాన్పు సంగతి చెబుతోందనుకుని పెద్దావిడ, ఏమో నీ ఇష్టం అంటూ తప్పుకుంది. బిడ్డ గట్టిగా తాగుతోంది. అత్తమ్మ దాని గుప్పిట విప్పి, ఆ వేళ్లు తన వేలిని పట్టుకుని కదులుతుంటే చూస్తూ నిలబడింది.